నెల్లూరు హోటల్ మెనూ తమిళంలోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు జిల్లాలో హైవే పక్కన హోటళ్లు నడిపేవాళ్లు, వాళ్లకు మెనూ కార్డులు అచ్చువేసే డీటీపీ వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి. ఈ పేజీలో తమిళ మాటలన్నీ తెలుగు లిపిలోనే రాశాను. అచ్చుకు వెళ్లేటప్పుడు మాత్రం వాటిని తమిళం చదవడం వచ్చినవాళ్లే తమిళ లిపిలో రాయాలి. ఎందుకన్నది కింద పులిహోర కథ దగ్గర తెలుస్తుంది.

ఇంగ్లీషు మెనూ ఉంది కదా, తమిళం ఎందుకు?

చెన్నై మనకు 175 కిలోమీటర్లే. కారులో వచ్చిన ఇంట్లో కుర్రాళ్లు ఇంగ్లీషు చదువుతారు, కానీ ఏం తినాలో చెప్పేది వెనక సీట్లోంచి దిగిన పెద్దావిడ. ఆమె చేతిలో కార్డు పెట్టేందుకే తమిళం.

మన వంటకాల పేర్లు తమిళ అక్షరాల్లో రాసేస్తే సరిపోదా?

సరిపోదు. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. ట, డలకూ అంతే, ప, బలకూ అంతే. ఏది పలకాలో ఆ అక్షరం ఉన్న చోటును బట్టి చదువుతారు. మాట మొదట్లో ఉంటే ‘ప’ అంటారు, రెండు అచ్చుల మధ్య ఒంటరిగా ఉంటే ‘బ’ అంటారు, ఒత్తు ఉంటే ‘ప్ప’ అంటారు. మొదట్లో వచ్చే ‘చ’ చాలామంది నోట ‘స’ అవుతుంది.

ఇప్పుడు ‘చేపల పులుసు’ను అక్షరానికి అక్షరం దించి చూడండి. తమిళ పాఠకుడు దాన్ని ‘సేబల పులుసు’ అని చదువుతాడు. ‘ప’ నిలబెట్టాలని ఒత్తు పెడితే ‘సేప్పల పులుసు’ అవుతుంది. రెండింట్లోనూ అతనికి చేప కనిపించదు, ఎందుకంటే అతని చేప ‘మీన్’. వేపుడుకూ ఇదే గతి, ‘వేబుడు’ అయి కూర్చుంటుంది.

గోంగూర కొంత అదృష్టవంతురాలు. మొదటి ‘గో’ కాస్తా ‘కో’ అవుతుంది కానీ, మధ్యలో ఉన్న ఆ సున్న వల్ల తరవాతి అక్షరాన్ని ‘గ’ అనే పలుకుతారు. పైగా చెన్నైలో ఆంధ్రా భోజనం హోటళ్ల పుణ్యమా అని ‘కోంగూరా’ అంటే ఏదో తెలుసు.

మరి ఏ పేరు ఉంచాలి, ఏ పేరు మార్చాలి?

నేను వాడే కొలత ఒకటే. ఆ మాట చెన్నైలో ఆంధ్రా హోటల్ బోర్డు మీద కనిపిస్తుందా? కనిపిస్తే ఉంచండి: కోంగూరా, పెసరట్టు, ఆవకాయ్, పప్పు. కనిపించకపోతే తమిళంలో దగ్గరి వంటకం పేరు పెట్టి, మనది ఎక్కడ తేడాగా ఉంటుందో కింద ఒక వరుస రాయండి. ఊరి పేరు మాత్రం ఎప్పుడూ ఉంచండి. ‘నెల్లూర్’ అన్న మాట వాళ్లకు కొత్త కాదు, తినడానికి వచ్చిందే దానికోసం. (తమిళంలో ‘నెల్’ అంటే వడ్లు. ఆ ఊరి పేరు వినగానే వాళ్లకు భోజనం గుర్తొస్తే తప్పేం లేదు.)

కింద రాసే వరుస పది మాటలు దాటకూడదు. ‘నోరూరించే’, ‘అమ్మమ్మ చేతి’ లాంటివి అందులో వద్దు. తినేవాడికి మూడు సంగతులు తెలియాలి: దేనితో చేశారు, పొడిగా ఉంటుందా పులుసుగా ఉంటుందా, దేనితో కలుపుకోవాలి.

పచ్చడి తమిళంలో కూడా పచ్చడే కదా?

అన్నిటికంటే ఎక్కువ గొడవ తెచ్చే మాట ఇదే. తమిళంలో ‘పచ్చడి’ అంటే చాలావరకు పెరుగులో ఉల్లిపాయో కీరదోసకాయో కలిపిన చల్లటి పదార్థం, మనం పెరుగు పచ్చడి అనేది. లేదంటే వాళ్ల ఉగాది నాడు బెల్లంతో చేసే తియ్యటి మామిడికాయ పచ్చడి. రెండూ పెద్దగా కారం లేనివే.

ఒకసారి నేను మెనూ పని మీద హైవే పక్క హోటల్లో కూర్చుని ఉండగా, కాంచీపురం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పాత కార్డులో ఎవరో ‘కోంగూరా పచ్చడి’ అని అలాగే దించేశారు. వాళ్లలో పెద్దావిడ అది చూపించి తెప్పించుకుంది. గిన్నె రాగానే, పెరుగు పచ్చడి వేసుకున్నట్టు చెంచాతో నాలుగుసార్లు అన్నంలో వేసి కలిపేసింది. మొదటి ముద్దకే ఆవిడ కళ్లలో నీళ్లు. సర్వర్ పరిగెత్తి పెరుగు తెచ్చాడు. ‘ఇదు పచ్చడియా?’ అని ఆవిడ అడిగితే వాడు గర్వంగా ‘అవును పచ్చడే’ అన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు, చెరొక భాషలో.

మన పచ్చడికి తమిళంలో దగ్గరి మాట ‘తువైయల్’. రోట్లో నూరి, అన్నంలో కొద్దిగా కలుపుకునేది. గోంగూరకు వాళ్ల పేరు ‘పుళిచ్చక్కీరై’, అంటే పుల్లటి ఆకుకూర. కాబట్టి వరుస ఇలా రాయొచ్చు: ‘కోంగూరా — ఆంధ్రా పుళిచ్చక్కీరైత్ తువైయల్, సూడాన సాదత్తుడన్’. వేడి అన్నంతో అని చివర్లో ఎందుకంటే, దాన్ని ఒట్టిగా తినరని తెలియడానికి. నిలవ పచ్చళ్లయితే తేలిక, మన ఊరగాయ వాళ్ల ‘ఊఱుగాయ్’. ఇడ్లీ, దోశ పక్కన వేసేదాన్ని ‘చట్ని’ అని రాయండి.

నెల్లూరు చేపల పులుసును ఎలా రాయాలి? మొత్తం ఎంట్రీ చూపించగలరా?

చూపిస్తాను. పులుసు తమిళంలో ‘కుళంబు’. చేపల పులుసు ‘మీన్ కుళంబు’. కాబట్టి పేరు ‘నెల్లూర్ మీన్ కుళంబు’. ఇక్కడితో ఆపేస్తే మాత్రం అతను తన ఇంటి కుళంబునే ఊహించుకుంటాడు. చాలా ఇళ్లలో చిన్న ఉల్లిపాయలు వేస్తారు, కొన్ని చోట్ల కొబ్బరి రుబ్బి పోస్తారు. మన దాంట్లో చింతపండు పులుపు మీద మామిడికాయ ముక్కల పులుపు ఉంటుంది. కొబ్బరి ఉండదు. కింది వరుస చెప్పాల్సింది ఆ తేడానే.

నా మొదటి ప్రయత్నం: ‘సువైయాన నెల్లూర్ మీన్ కుళంబు’. రుచికరమైన అని చెప్పడం తప్ప ఇందులో ఏమీ లేదు, కొట్టేశాను. రెండోది: ‘మాంగాయ్ మీన్ కుళంబు’. ఇది నిజమే, కానీ మామిడికాయతో చేసే మీన్ కుళంబు తమిళంలో విడిగా ఉంది, నెల్లూరు సంగతి పోయింది. చివరికి అచ్చయింది ఇది:

‘నెల్లూర్ మీన్ కుళంబు — పుళియుం మాంగాయుం సేర్త్త, తేంగాయ్ ఇల్లాద, కారసారమాన కుళంబు’

చింతపండు, మామిడికాయ వేసినది, కొబ్బరి లేనిది, ఘాటుగా ఉండేది అని. మీ వంటమనిషి మామిడికాయ దొరకని రోజుల్లో వేయకపోతే ఆ మాట కార్డులో పెట్టొద్దు. కార్డు రాసే ముందు వంటింట్లోకి వెళ్లి ఏం వేస్తున్నారో చూడండి. ఓనర్ చెప్పేది ఒకటి, మాస్టర్ వేసేది ఒకటి అయిన హోటళ్లు నాకు తెలుసు.

ఇంకో సంగతి. పులుసు ముందు రోజు చేసి మర్నాడు వడ్డిస్తే మనవాళ్లకు అది గొప్ప. తమిళంలోనూ ‘నేత్తు వచ్చ మీన్ కుళంబు’ అంటే లొట్టలేస్తారు. కానీ హోటల్ కార్డులో నిన్నటిది అని రాస్తే బయటివాళ్లకు పాసిపోయిందని అనుమానం. అది నోటితో చెప్పుకోవాల్సిన మాట.

చేపల పేర్లు?

కొరమీను ‘విరాల్’. బొమ్మిడాయి ‘ఆరల్’. పండుగప్ప ‘కొడువా’. వంజరం రెండు చోట్లా ఒకటే, ‘వంజిరం’. నెత్తళ్లు ‘నెత్తిలి’. రొయ్యలు ‘ఇఱాల్’, పీతలు ‘నండు’. చందువా ‘వవ్వాల్’. ఆ మాటకు గబ్బిలం అని కూడా అర్థం ఉంది, కానీ చేపల వరుసలో చూస్తే ఎవరూ గబ్బిలం అనుకోరు, భయపడకండి. ‘ఈ రోజు చేప’ అని రాసేచోట పేరు ఖాళీగా వదిలి పెన్నుతో రాసుకునే వీలుంచండి. కార్డులో విరాల్ అని ఉండి పళ్లెంలో ఇంకోటి వస్తే, చేప తెలిసినవాళ్లు ముల్లు చూసి పట్టేస్తారు.

ఇగురు, వేపుడు, కూర — వీటికి?

వేపుడు ‘వఱువల్’, ఇందులో ఇబ్బంది లేదు. ఇగురుకు ‘తొక్కు’ వాడండి. ‘ఇఱాల్ తొక్కు’ అంటే నీళ్లు ఇంకిపోయి మసాలా పట్టిన రొయ్యలని వాళ్లకు వెంటనే తెలుస్తుంది. టమాటా తొక్కు, మామిడి తొక్కు అని నిలవ పచ్చళ్లకు కూడా ఆ మాట ఉంది కాబట్టి తొక్కు ముందు రొయ్యలో చికెనో తప్పకుండా ఉండాలి.

కూర దగ్గర జాగ్రత్త. ‘కఱి’ అని దించితే చాలామంది తమిళులకు అది మాంసం. ‘వంకాయ కఱి’ చూసి శాకాహారి ఒకాయన కార్డు మూసేసిన సంగతి విన్నాను. పొడికూరకు ‘పొరియల్’, పప్పు వేసి ముద్దగా చేసినదానికి ‘కూట్టు’. గుత్తివంకాయకు వాళ్ల ‘ఎణ్ణెయ్ కత్తిరిక్కాయ్’ దగ్గర చుట్టం, ఆ పేరు ముందు ‘ఆంధ్రా’ చేర్చి, మసాలా కూరిన వంకాయ అని కింద రాయండి.

చారు అంటే రసమే కదా?

టమాటా చారు, మిరియాల చారు వరకు అవును: ‘తక్కాళి రసం’, ‘మిళగు రసం’. చారును అలాగే దించితే వాళ్లకు ‘సాఱు’ వినిపిస్తుంది, అంటే పండ్ల రసం. (‘మిళగు’ మిరియం, ‘మిళగాయ్’ మిరపకాయ. ఒక్క అక్షరం జారితే చారు మారిపోతుంది.)

పప్పుచారు రసం కాదు, సాంబారూ కాదు. నేను పప్పుచారు అనే ఉంచి, ‘సాంబార్ పొడి సేర్క్కాద పరుప్పుక్ కుళంబు’ అని కింద రాస్తాను.

ఉలవచారు వేరే కథ. ఉలవలు తమిళంలో ‘కొళ్ళు’. ‘కొళ్ళు రసం’ వాళ్లకు బాగా తెలిసిందే, కానీ అది జలుబు చేసినప్పుడో ఒళ్లు తగ్గాలనో తాగే పల్చటి చారు. ‘ఇళైత్తవనుక్కు ఎళ్ళు, కొళుత్తవనుక్కు కొళ్ళు’ అని సామెతే ఉంది, బక్కవాడికి నువ్వులు, బలిసినవాడికి ఉలవలు అని. మీరు గంటలకొద్దీ కాచి చిక్కబరిచి, మీద మీగడ వేసి ఇచ్చేదానికి ఆ పేరు పెడితే, పెళ్లి భోజనంలో కషాయం పోసినట్టు ఉంటుంది. ‘ఉలవచారు’ అని ఉంచి, ‘కెట్టియాగక్ కాయ్చ్చియ కొళ్ళుక్ కుళంబు’ అనండి, చిక్కగా కాచిన ఉలవల పులుసు అని.

కారం దోశను ‘కార దోసై’ అనొచ్చా?

అనొచ్చు, కానీ ఒక్క మాటతో వదలొద్దు. మనకు కారం అంటే ఘాటు, డబ్బాలో ఉండే మిరపపొడి, దోశ మీద పూసే ఎర్రటి ముద్ద కూడా. తమిళంలో ‘కారం’ మొదట ఘాటు. ఆ తర్వాత స్వీట్ షాపులో మిక్చర్, కారప్పూస లాంటివన్నీ. దోశ మీద పూసే ముద్ద ఆ మాటలో లేదు. కాబట్టి కార దోసై అంటే పిండిలోనే మిరపకాయలు రుబ్బి పోశారేమో అనుకునే వీలుంది. ‘పూండు, కాయ్ంద మిళగాయ్ విళుదు తడవియ దోసై’ అని కింద రాస్తే, వెల్లుల్లి, ఎండుమిర్చి ముద్ద పూసిన దోశ అని తేలిపోతుంది.

కారం ఎంతో ఎలా చెప్పాలి? మా మాస్టర్ అన్నిటికీ ‘మీడియం’ అంటాడు.

మీ మాస్టర్ నాలుకకు అది మీడియమే. మిరపకాయ బొమ్మలు ఒకటి, రెండు, మూడు వేయడం సులువే, కానీ ఆ ఒకటి ఎవరి ఒకటి అన్నదే సమస్య.

నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు తమిళులకు రుచి తెలిసిన వంటకం ఒకటి మీ మెనూలోనే పట్టుకోవాలి. హోటల్ సాంబారు దానికి సరిపోతుంది. దాన్ని ఒక మిరపకాయ అనుకోండి. తర్వాత మిగతా వంటకాలను సాంబారుతో పోల్చి తమిళం మాట్లాడే ఇద్దరు ముగ్గురికి రుచి చూపించండి. సాంబారంతే కారమైతే ఒకటి. దానికంటే స్పష్టంగా ఎక్కువ, కానీ మంచినీళ్లు అడగకుండా తినేస్తే రెండు. మధ్యలో ఆగి నీళ్లో పెరుగో అడిగితే మూడు. కావలిలో ఒక హోటల్‌కి ఇలా చేస్తే, మాస్టర్ మీడియం అన్న రొయ్యల ఇగురు, కారం దోశ రెండూ మూడులోకి వెళ్లాయి. ఆయన కొంచెం నొచ్చుకున్నాడు కూడా, ‘ఏందన్నా, ఇంతదానికే మూడా’ అని.

మాటల్లో అయితే ‘కారం కుఱైవు’, ‘మిదమాన కారం’, ‘అదిగ కారం’. బొమ్మల పక్కన ఇవి కూడా వేయండి, మూడు మిరపకాయలు స్పెషల్ గుర్తనుకునేవాళ్లుంటారు.

ఘాటు దేనివల్లో కూడా చెప్పాలి. మిరియాల ఘాటు తమిళులకు చెట్టినాడు వంటల వల్ల అలవాటే. అది గొంతులో తగిలి పోతుంది. మన ఎండుమిర్చి ఘాటు పెదాల మీద, నాలుక మీద కాసేపు ఉండిపోతుంది. పెప్పర్ చికెన్‌కు ‘మిళగు కారం’, గోంగూర చికెన్‌కు ‘మిళగాయ్ కారం’ అని విడిగా రాస్తే ఎవరికి ఏది పడుతుందో వాళ్లే చూసుకుంటారు.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది: తగ్గించగలరా లేదా. అప్పటికప్పుడు చేసే వేపుడు, దోశ పక్కన ‘కారం కుఱైక్కలాం’ అని రాయొచ్చు. పొద్దున్నే గుండిగలో కాచిన పులుసులో కారం తీసేయడం ఎవరి తరమూ కాదు. అక్కడ ఆ మాట పెట్టారా, సర్వర్ నీళ్లు కలిపి తెస్తాడు, పులుసూ పోతుంది, గిరాకీ పోతుంది.

శాకాహారం అని ఎలా రాయాలి?

‘సైవం’. మాంసాహారం ‘అసైవం’. శైవం అంటే శివభక్తులనుకుని ఒక డీటీపీ కుర్రాడు ఆ హెడ్డింగు పక్కన త్రిశూలం బొమ్మ పెట్టాడు. ఆకుపచ్చ గుర్తు చాలు.

ఫుల్ మీల్స్, ప్లేట్ మీల్స్?

‘ముళు సాప్పాడు’, ‘అళవు సాప్పాడు’. అళవు అంటే కొలత. మళ్లీ వడ్డించరని ఆ ఒక్క మాటతోనే తెలుస్తుంది.

పులిబొంగరాలు?

పేరు ఉంచండి. కింద ‘దోసై మావు పోండా, వెంగాయం సేర్త్తదు’ అని రాయండి, ఉల్లిపాయ వేసిన దోశపిండి బోండా అని. గుండ్రంగా ఉన్నాయి కదా అని ‘పణియారం’ అనొద్దు. అవి గుంతల పెనం మీద కాల్చేవి, ఇవి నూనెలో వేయించేవి.

తెలుగు వచ్చిన డీటీపీ ఆపరేటర్ విని టైప్ చేస్తే చాలదా?

చాలదు. ఆ తప్పు చేసింది నేనే. మొదట్లో ఒక కార్డుకు తమిళ మాటలు ఫోన్‌లో చదివి చెప్పాను, అతను టైప్ చేశాడు. పులిహోరకు ‘పుళిసాదం’ అని చెప్పాను. తమిళంలో ల, ళ కాక మూడో ళ ఒకటి ఉంది. ‘పుళి’ మన ళ తో రాస్తే చింతపండు. మామూలు ల తో రాస్తే పులి, అడవిలో తిరిగే పులి. అతను ల కొట్టాడు. రెండు వందల కార్డుల్లో ‘పులి అన్నం’ అచ్చయింది. తెలుగు కళ్లకు అది పులిహోరలాగే కనిపించింది కాబట్టి ప్రూఫులో నేను కూడా దాటిపోయాను. కనిపెట్టింది ఒక పదేళ్ల పాప, నవ్వుతూ వాళ్ల నాన్నకు చూపించింది. కార్డులన్నీ నా ఖర్చుతో మళ్లీ వేయించాను.

ఆ మూడో ళ కుళంబు, కోడికి వాళ్లనే కోళి, ముళు సాప్పాడు మాటల్లో వస్తుంది. ఇప్పటి తెలుగు రాతలో దానికి వాడే అక్షరం లేక నేను ఇక్కడ ళ అని రాశాను. పుళి, మిళగాయ్, కొళ్ళు, అళవులో ఉన్నది మన ళ. ర, ఱ కూడా చూసుకోవాలి: ఇఱాల్, వఱువల్, కుఱైవులో ఉన్నది ఱ. అందుకే ఫైలును తమిళం చదివినవాళ్లే టైప్ చేసి ఇవ్వాలి, ఆపరేటర్ దాన్ని కాపీ మాత్రమే చేయాలి.

కాపీ చేశాక కూడా ఒకసారి చూడండి. తమిళంలో ఎ, ఏ, ఐ గుర్తులు అక్షరానికి ఎడమ పక్కన వస్తాయి. ఒ, ఓ గుర్తులు రెండు పక్కలా వస్తాయి. సాఫ్ట్‌వేర్ సరిగా కూర్చకపోతే ఎడమ గుర్తు కుడికి పోతుంది, లేదా చుక్కల వృత్తం కనిపిస్తుంది. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ కంపోజర్‌ను Adobe World-Ready Paragraph Composer కు మార్చితే సర్దుకుంటుంది. తమిళం రాకపోయినా ‘కోళి’ అన్న ఒక్క మాట అసలు ఫైల్లో, అచ్చు ప్రూఫులో పక్కపక్కన పెట్టి ఆకారం పోల్చి చూడండి.

అచ్చుకు ముందు ఎవరితో చదివించాలి?

తెలుగు రాని తమిళుడితో. రెండు భాషలూ వచ్చినవాళ్లు మీరు ఏం చెప్పదలిచారో ఊహించి ‘బాగుంది’ అనేస్తారు. తెలుగు రానివాళ్లకు ఒక్కో వరుస చూపించి, ‘ఇది ఆర్డర్ చేస్తే పళ్లెంలో ఏం వస్తుందనుకుంటున్నారు?’ అని అడగండి. బాగుందా అని అడగొద్దు. ఆయన చెప్పిందీ మీ వంటింట్లో ఉన్నదీ ఒకటైతే ఆ వరుస పాస్. అరవై వంటకాల కార్డుకు ఒక పూట పడుతుంది. భోజనం పెట్టి అడిగితే ఇంకా మంచిది.

మా సర్వర్లకు తమిళం రాదు. ఆర్డర్ ఎలా తీసుకుంటారు?

తెలుగు కార్డులో, తమిళ కార్డులో ఒక్కో వంటకానికి ఒకటే నంబరు వేయండి. వరుస కూడా మార్చొద్దు. పెద్దావిడ 23 మీద వేలు పెడితే సర్వర్ 23 రాసుకుంటాడు. కొత్త వంటకం చేరిస్తే చివర్లో చేర్చండి, మధ్యలో దూర్చితే పాత కార్డుల నంబర్లన్నీ తప్పుతాయి. సర్వర్‌కు నేర్పాల్సిన తమిళం ఒక్కటే ముక్క: ‘కారం జాస్తి, పరవాయిల్లైయా?’ కారం ఎక్కువ, ఫర్వాలేదా అని. మూడు మిరపకాయల వంటకం మీద వేలు పడ్డప్పుడల్లా అడిగితే చాలు.